కాస్ట్ షీటు సరిచూడటం ఎలా: బీరువాల షెడ్డు లెక్క, ప్రైమ్ కాస్ట్ నుంచి అమ్మకం ధర దాకా

సరుకు తయారీ ఖర్చును మెట్టు మెట్టుగా కూడుతూ అమ్మకం ధర దాకా తేల్చే కాస్ట్ షీటు ఎక్సెల్‌లో తయారైతే, అందులో కూడికలు తప్పడం అరుదు. తప్పు జరిగేది అంకెను గడిలో వేసేటప్పుడే. పన్ను కలిసిన బిల్లు మొత్తాన్ని కొనుగోలుగా రాస్తారు, ఆఫీసు అద్దెను ఫ్యాక్టరీలో వేస్తారు, గోడౌన్‌లో మిగిలిన సరుకుకు అమ్మకం ధర కడతారు. ఇలాంటి తప్పుల్లో కొన్ని ఖర్చును పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే చివరి ధర నమ్మేలాగే కనిపిస్తుంది. అందుకని షీటును కింది గీత దగ్గర చూసి వదిలేయకుండా పై వరుస నుంచి దిగుతూ రావాలి.

ఉదాహరణకు జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడలో స్టీలు బీరువాలు చేసే ఒక చిన్న షెడ్డును తీసుకుందాం. లెక్క స్పష్టంగా కనిపించాలని అంకెలు నేనే కుదుర్చాను. తప్పులు మాత్రం ఇలాంటి షెడ్ల షీట్లలో తరచూ దొరికేవే. నెలాఖరున అకౌంటెంటు ఇచ్చిన షీటులో ఒక్కో బీరువా అమ్మకం ధర రూ. 8,340 అని ఉంది, పన్ను కాక. సరిచూశాక అది రూ. 8,237 అయింది. తేడా వంద రూపాయల పైచిలుకే. కానీ ఆ రెండు ధరలకూ దారితీసిన లెక్కల్లో, నేరుగా సరుకు మీదే పడే ఖర్చుల మొత్తమైన ప్రైమ్ కాస్ట్ నుంచి లాభం దాకా ఏ మెట్టూ కలవలేదు.

ముందు సంఖ్యలు, తర్వాతే రూపాయలు

కాస్ట్ షీటును పక్కన పెట్టి ఖాళీ కాగితం మీద రెండు లెక్కలు వేయండి. మొదటిది బీరువాల సంఖ్య. నెల మొదట్లో సగం పనిలో ఉన్నవి 20. ఈ నెల కొత్తగా షీటు కోసి మొదలుపెట్టినవి 400. నెలాఖరున సగంలో ఆగినవి 30. అంటే పూర్తయినవి 390 ఉండాలి. గోడౌన్‌లో పాత నిల్వ 40, దానికి 390 కలిపి చివరికి మిగిలిన 50 తీసేస్తే అమ్మినవి 380. ఈ 380ని అమ్మకపు బిల్లులతో పోల్చండి. బిల్లులు 378కే ఉంటే ఆ రెండు బీరువాలు ఎక్కడున్నాయో తేలేదాకా రూపాయల జోలికి వెళ్లొద్దు.

రెండోది స్టీలు షీటు బరువు. నెల మొదట్లో 6,000 కిలోల సీఆర్ షీటు ఉంది, 20,000 కిలోలు కొన్నారు, చివరికి 4,000 మిగిలింది. వాడింది 22,000 కిలోలు. దాన్ని 400తో భాగిస్తే బీరువాకు 55 కిలోలు. ఇప్పుడు షెడ్డులోకి వెళ్లి, తాళం, హ్యాండిల్ బిగించక ముందు ఒక బాడీని కాటా మీద పెట్టించండి. మన ఉదాహరణలో 51 కిలోలు తూగింది. మిగతా 4 కిలోలు కోత ముక్కలు. 400 బీరువాలకు 1,600 కిలోల తుక్కు రావాలి, తుక్కు అమ్మిన చీటీల్లోనూ అంతే ఉంది. చీటీలు 1,100 కిలోలకే ఉంటే మిగతా 500 కిలోలు ఇంకా షెడ్డు వెనకే పడి ఉండాలి, లేకపోతే బిల్లు లేకుండా గేటు దాటి ఉండాలి. ఎక్సెల్ షీటు ఎంతసేపు చూసినా ఈ సంగతి బయటపడదు.

ప్రైమ్ కాస్ట్: షీటు, ఫిట్టింగులు, కూలి, అచ్చు అద్దె

షీటు వాడకం విలువకు ఫార్ములా తెలిసిందే. ప్రారంభ నిల్వకు కొనుగోళ్లు, రవాణా ఖర్చు కలిపి ముగింపు నిల్వ తీసేయాలి. అకౌంటెంటు షీటులో ఇది రూ. 18,12,000 అని ఉంది. బిల్లులు తిరగేసే ముందు ఒక చిన్న భాగాహారం చేయండి. 18,12,000ని 22,000 కిలోలతో భాగిస్తే కిలో రూ. 82.36 వస్తుంది. కొన్న ధరేమో కిలో రూ. 70. రవాణాకు కిలోకు రూపాయీ నలభై పైసలు పడింది. అయినా పదకొండు రూపాయలు మిగిలిపోతున్నాయి. ఇంత తేడా వస్తే మొదట అనుమానించాల్సింది జీఎస్‌టీనే.

బిల్లు తీసి చూస్తే అదే తేలింది. బిల్లు మొత్తం రూ. 16,52,000. అందులో సరుకు విలువ రూ. 14,00,000, పన్ను 18 శాతం చొప్పున రూ. 2,52,000. ఈ పన్నును షెడ్డు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకుంటుంది కాబట్టి అది సరుకు ఖర్చు కాదు. నిల్వలకు విలువ కట్టే నియమాలు చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా తిరిగి వచ్చే పన్నులను కొనుగోలు ఖర్చులో కలపొద్దనే చెబుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటు పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో షెడ్డు ఉంటే క్రెడిట్ రాదు. అప్పుడు ఆ రూ. 2,52,000 నిజంగానే ఖర్చు, షీటులో ఉండాల్సిందే. కాబట్టి సరిచూసే మనిషి మొదట అడగాల్సిన ప్రశ్న, 'మీది రెగ్యులరా, కాంపొజిషనా?' అని. మనది రెగ్యులర్.

సరైన లెక్క ఇలా వస్తుంది. ప్రారంభ నిల్వ రూ. 4,17,600, కొనుగోలు రూ. 14,00,000, రవాణా రూ. 28,000. వీటి మొత్తంలోంచి ముగింపు నిల్వ 4,000 కిలోలను కిలో రూ. 71.40 చొప్పున, అంటే రూ. 2,85,600 తీసేయాలి. వాడకం రూ. 15,60,000. కిలోకు దాదాపు రూ. 71. ఇప్పుడు బిల్లు ధరకు దగ్గరగా ఉంది. ముగింపు నిల్వ రేటులో రవాణా కూడా కలిసి ఉందో లేదో చూసుకోండి. కొనుగోలులో రవాణా కలిపి నిల్వలో కలపకపోతే, వాడని షీటు రవాణా కూడా ఈ నెల బీరువాల మీదే పడుతుంది.

తాళాలు, హ్యాండిళ్లు, కబ్జాలు, రంగు పొడి కలిపి బీరువాకు రూ. 500. ఇవి పని చివర్లో పడతాయి కాబట్టి 400కు కాకుండా పూర్తయిన 390కే లెక్క. రూ. 1,95,000 సరిగ్గానే ఉంది.

కూలి దగ్గర షీటులో రూ. 3,10,000 ఉంది. ఇది క్యాష్ బుక్కులోంచి తెచ్చిన అంకె, అంటే ఈ నెల చేతికిచ్చిన డబ్బు. కాస్ట్ షీటుకు కావాల్సింది ఈ నెల చేసిన పనికి అయిన కూలి. ఇచ్చినదాంట్లో రూ. 18,000 పోయిన నెల బాకీ. ఈ నెల చివరి వారం కూలి, ఓవర్‌టైము, యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటా కలిపి రూ. 33,000 ఇంకా ఇవ్వలేదు. 3,10,000లోంచి 18,000 తీసి 33,000 కలిపితే రూ. 3,25,000. హాజరు రిజిస్టరు దగ్గర ఇంకొకటి కూడా చూడాలి. వెల్డర్లకు పండక్కి ఇచ్చిన అడ్వాన్సులు కూలి కింద రాసేయడం చిన్న షెడ్లలో మామూలే. అడ్వాన్సు ఖర్చు కాదు, వాళ్లు మనకు ఇవ్వాల్సిన బాకీ.

ఒక ఆర్డరు కోసం ప్రత్యేకంగా తెచ్చిన అచ్చు అద్దె రూ. 20,000 ప్రత్యక్ష ఖర్చు. అన్నీ కలిపితే ప్రైమ్ కాస్ట్ రూ. 21,00,000. అకౌంటెంటు షీటులో ఇది రూ. 23,37,000. పన్ను వల్ల 2,52,000 పెరిగింది, కూలి వల్ల 15,000 తగ్గింది, మొత్తం మీద 2,37,000 ఎక్కువ. ఇలా ప్రతి మెట్టు దగ్గరా తేడాకు కారణాలు రూపాయితో సహా తేలాకే కిందికి దిగండి.

ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్: అంకె కంటే ముందు చోటు

ఓవర్‌హెడ్ అంటే ఏ ఒక్క బీరువాకూ నేరుగా అంటగట్టలేని ఫ్యాక్టరీ ఖర్చులు. ఇక్కడ పొరపాటు ఎక్కువగా అంకెలో ఉండదు, దాన్ని ఏ తలకింద రాశారన్న దాంట్లో ఉంటుంది. ముందుగా మొత్తం మీద ఒక అంచనా చూడండి. ఓవర్‌హెడ్‌ను కూలితో పోల్చి శాతం కట్టండి. ఈ షెడ్డులో అది నెలనెలా 75, 78 మధ్య నడుస్తోంది. అకౌంటెంటు షీటులో రూ. 2,90,000 ఓవర్‌హెడ్, రూ. 3,10,000 కూలి. అంటే 93 శాతం పైమాట. కొత్త మిషను రాలేదు, కరెంటు రేటు పెరగలేదు. మరి ఒక్క నెలలో ఇంత ఎందుకు పెరిగింది?

వరుసలు చూస్తే అద్దె దగ్గర దొరికింది. మొత్తం 10,000 చదరపు అడుగుల ఆవరణకు అద్దె రూ. 1,00,000. అంతా ఫ్యాక్టరీలో వేశారు. కొలిస్తే పని జరిగే చోటు 6,000 అడుగులు, ఆఫీసు 1,500, రోడ్డు వైపు షోరూము 2,500. ఫ్యాక్టరీ వాటా రూ. 60,000 మాత్రమే. రూ. 15,000 ఆఫీసు ఖర్చుకూ, రూ. 25,000 అమ్మకపు ఖర్చుకూ పోవాలి.

'ఎక్కడేసినా చివరికి కలిసేదే కదా' అనిపిస్తుంది. సరుకంతా అమ్ముడుపోతే ఆ మాట నిజమే. నిల్వ మిగిలితే మాత్రం కాదు. ఫ్యాక్టరీలో వేసిన ప్రతి రూపాయీ తయారైన 390 బీరువాల మీద పరుచుకుంటుంది. అందులో 50 గోడౌన్‌లోనే ఉన్నాయి. అదనంగా వేసిన రూ. 40,000లో రూ. 5,000కు పైగా నిల్వ విలువలో కలిసిపోయి వచ్చే నెలకు జారుకుంటుంది. షోరూము అద్దె ఈ నెలలోనే తీరిపోయిన ఖర్చు, అది గోడౌన్‌లోని బీరువాలో కూర్చోకూడదు.

మిగతావి త్వరగా చూడొచ్చు. కరెంటు రూ. 72,000: మీటరు రీడింగు తేదీలు నెలతో కలుస్తున్నాయా? సూపర్‌వైజరు జీతం రూ. 45,000, స్టోర్ కీపరుది రూ. 18,000. వెల్డింగు రాడ్లు, గ్యాసు, గ్రైండింగు వీల్స్ రూ. 38,000. మరమ్మతులు రూ. 15,000. బీమా ప్రీమియం ఏడాదికి రూ. 1,20,000 కట్టారు కాబట్టి నెలకు రూ. 10,000. మిషన్ల తరుగుదల నెలకు రూ. 40,000. ఈ తరుగుదల వరుసలో కొందరు బ్యాంకు ఈఎంఐ రాస్తారు. ఈఎంఐలో అప్పు అసలు తీర్చే భాగం ఖర్చే కాదు. వడ్డీ ఖర్చే అయినా అది అప్పుకైన ఖర్చు, ఫ్యాక్టరీలో దానికి చోటు లేదు.

అన్నీ కలిపితే రూ. 2,98,000. తుక్కు అమ్మకం పన్ను కాకుండా కిలో రూ. 30 చొప్పున 1,600 కిలోలకు రూ. 48,000. అది తీసేస్తే నికర ఓవర్‌హెడ్ రూ. 2,50,000, కూలిలో 77 శాతం. తుక్కును ముడిసరుకులోంచి తీసేసే వాళ్లూ ఉన్నారు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. కానీ రెండు చోట్లా తీసేశారేమో ఒకసారి చూడండి, ఆ తప్పూ తగులుతూ ఉంటుంది.

ఈ మెట్టులో ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఆర్డర్లు లేక నెలలో 150 బీరువాలే చేశారనుకోండి. అద్దె, సూపర్‌వైజరు జీతం, తరుగుదల మారవు. ఆ భారమంతా 150 మీద వేస్తే నిల్వ విలువ ఊరికే ఉబ్బుతుంది. స్థిర ఓవర్‌హెడ్‌ను షెడ్డు మామూలుగా చేయగల సంఖ్య మీదే పంచాలి, పంచగా మిగిలింది ఆ నెల నష్టంలోకి పోవాలి. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 పద్ధతి కూడా ఇదే. మన ఉదాహరణలో ఉత్పత్తి మామూలు స్థాయిలోనే ఉంది కాబట్టి ఆ సర్దుబాటు అక్కర్లేదు.

సగంలో ఉన్న పని, వర్క్స్ కాస్ట్

ప్రైమ్ కాస్టుకు ఓవర్‌హెడ్ కలిపితే రూ. 23,50,000. దీనికి ప్రారంభంలో సగం పనిలో ఉన్నవాటి విలువ కలిపి, చివరిలో ఉన్నవాటి విలువ తీసేయాలి. ప్రారంభపువి 20, ఒక్కోటి రూ. 4,500 చొప్పున రూ. 90,000. ఇది పోయిన నెల షీటులో ముగింపు అంకెతో కలవాలి, కలిసింది.

ముగింపువి 30, ఒక్కోటి రూ. 4,600 వేశారు. ఇది నిలుస్తుందా? వాటికి షీటు మొత్తం పడింది: 15,60,000ని 400తో భాగిస్తే రూ. 3,900. తాళం, రంగు ఇంకా పడలేదు. కూలి, ఓవర్‌హెడ్ సగమే పడ్డాయి. ఆ సగం ఎంతో తేలాలంటే నెలలో నిజంగా జరిగిన పని ఎన్ని బీరువాలకు సమానమో చూడాలి. పూర్తయిన 390లో పాత 20కి పోయిన నెలే సగం పని అయింది, అంటే 10 తగ్గించాలి. కొత్త 30కి ఈ నెల సగం అయింది, 15 కలపాలి. మొత్తం 395. కూలి, ఓవర్‌హెడ్ కలిపి రూ. 5,75,000ని 395తో భాగిస్తే రూ. 1,456, అందులో సగం రూ. 728. అకౌంటెంటు రూ. 700 వేశారు. మొత్తం మీద తేడా రూ. 840. దాని కోసం షీటు మార్చమని నేనైతే అడగను. రూ. 1,38,000 ఉండనిచ్చాను.

అలా తేలే ఫ్యాక్టరీ ఖర్చు, అంటే నికర వర్క్స్ కాస్ట్, రూ. 23,02,000. కొనుగోళ్లు, హాజరు చూసే గుమాస్తాల లాంటి, తయారీకి సంబంధించిన ఆఫీసు ఖర్చు రూ. 38,000 కలిపితే ఉత్పత్తి ఖర్చు రూ. 23,40,000. దాన్ని 390తో భాగిస్తే బీరువాకు రూ. 6,000. అకౌంటెంటు షీటులో ఇది రూ. 6,710.

అమ్మిన సరుకు ఖర్చు: గోడౌన్‌లోని 50 బీరువాలు

అకౌంటెంటు ఈ 50 బీరువాలకు ఒక్కోటి రూ. 8,000 చొప్పున రూ. 4,00,000 కట్టారు. రూ. 8,000 అనేది పాత అమ్మకం ధర. ఇంకా అమ్మని బీరువా మీద లాభం ముందే లెక్కలోకి వచ్చేసింది. నిల్వకు కట్టాల్సింది ఖర్చు లేదా అమ్మితే నికరంగా చేతికొచ్చే విలువ, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఇక్కడ ఖర్చే తక్కువ. ముందొచ్చింది ముందు పోతుందనే పద్ధతిలో మిగిలినవన్నీ ఈ నెల చేసినవే, కాబట్టి 50 ఇంటూ 6,000, రూ. 3,00,000.

పాత నిల్వ 40, ఒక్కోటి రూ. 5,900, మొత్తం రూ. 2,36,000. కాబట్టి అమ్మిన సరుకు ఖర్చు 23,40,000కు 2,36,000 కలిపి 3,00,000 తీసేస్తే రూ. 22,76,000. దీన్ని ఇంకో దారిలో సరిచూడొచ్చు. అమ్మిన 380లో పాతవి 40 రూ. 5,900 చొప్పున, కొత్తవి 340 రూ. 6,000 చొప్పున. 2,36,000కు 20,40,000 కలిపితే మళ్లీ రూ. 22,76,000. రెండు దారుల్లో ఒకే అంకె రాకపోతే నిల్వ సంఖ్యలో గానీ రేటులో గానీ తప్పుందని అర్థం. అకౌంటెంటు షీటుకు ఈ పరీక్ష పెడితే అక్కడికక్కడే నిలబడదు.

అమ్మకం ధర: శాతం దేని మీద?

సాధారణ ఆఫీసు ఖర్చులో జీతాలు రూ. 52,000, ఫోను, స్టేషనరీ రూ. 9,000, ఇప్పుడు ఇక్కడికి వచ్చిన అద్దె వాటా రూ. 15,000, మొత్తం రూ. 76,000. అమ్మకం, పంపిణీ ఖర్చులో డీలర్ల కమీషన్ రూ. 57,000, డెలివరీ ఆటోలు రూ. 70,000, షోరూము అద్దె రూ. 25,000, మొత్తం రూ. 1,52,000. ఇవి కలిస్తే మొత్తం ఖర్చు రూ. 25,04,000.

యజమాని మాట 'అమ్మకం మీద ఇరవై శాతం మిగలాలి' అని. అకౌంటెంటు ఖర్చు మీద ఇరవై శాతం వేశారు. అమ్మకం మీద 20 అంటే ఖర్చు మీద 25. ఎక్సెల్ గడిలో తేడా ఇంతే, `B20`లో మొత్తం ఖర్చు ఉందనుకుంటే:

```
=B20*(1+20%)    ఖర్చు మీద 20%
=B20/(1-20%)    అమ్మకం మీద 20%
```

మొదటిది రూ. 30,04,800 ఇస్తుంది, అప్పుడు అమ్మకం మీద మిగిలేది 16.67 శాతమే. రెండోది రూ. 31,30,000, లాభం రూ. 6,26,000. బీరువాకు రూ. 8,237. దీని మీద 18 శాతం జీఎస్‌టీ రూ. 1,482.66 కలిపి కొనేవాడి బిల్లు రూ. 9,719.66. పన్ను ఇక్కడే, బిల్లులోనే కలవాలి, షీటులో పైన ఎక్కడా కాదు.

రెండు షీట్లూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటాయి (రూపాయల్లో):

| మెట్టు | అకౌంటెంటు షీటు | సరిచూశాక |
|---|---|---|
| ప్రైమ్ కాస్ట్ | 23,37,000 | 21,00,000 |
| నికర ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ | 2,90,000 | 2,50,000 |
| నికర వర్క్స్ కాస్ట్ | 25,79,000 | 23,02,000 |
| ఉత్పత్తి ఖర్చు | 26,17,000 | 23,40,000 |
| అమ్మిన సరుకు ఖర్చు | 24,53,000 | 22,76,000 |
| మొత్తం ఖర్చు | 26,41,000 | 25,04,000 |
| లాభం | 5,28,200 | 6,26,000 |
| అమ్మకం విలువ | 31,69,200 | 31,30,000 |
| బీరువాకు | 8,340 | 8,237 |

మొత్తం ఖర్చులో తేడా రూ. 1,37,000. పన్ను వల్ల 2,52,000 ఎక్కువ, కూలి వల్ల 15,000 తక్కువ, గోడౌన్ నిల్వను ఎక్కువ కట్టినందుకు 1,00,000 తక్కువ. అద్దె ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారింది కాబట్టి ఈ మొత్తంలో కనిపించదు. లాభం శాతం తక్కువ వేయడంతో మిగిలిన తేడా కూడా చాలావరకు మాసిపోయి, ధర దగ్గరకొచ్చేసరికి వంద రూపాయలే మిగిలాయి.

చూడ్డానికి వంద రూపాయలే గానీ, ఒక హాస్టలు వాళ్లు వచ్చి యాభై బీరువాలకు పన్ను కాక రూ. 7,000 చొప్పున ఇస్తామన్నారనుకోండి. పాత షీటు ప్రకారం మొత్తం ఖర్చు రూ. 6,950, మిగిలేది యాభై రూపాయలు. యజమాని ఆర్డరు వదిలేసుకుంటాడు. నిజానికి ఉత్పత్తి ఖర్చు రూ. 6,000, ఆఫీసు వాటా రూ. 200, డెలివరీ సుమారు రూ. 184. డీలరు లేడు కాబట్టి కమీషన్ లేదు, షోరూముతో పని లేదు. బీరువాకు రూ. 600కు పైనే మిగులుతుంది.

సరిచూసిన షీటులోంచి మూడు ముగింపు అంకెలను వచ్చే నెల షీటు ప్రారంభ గడుల్లో ఇప్పుడే వేసి ఉంచండి: షీటు 4,000 కిలోలు రూ. 2,85,600, సగం పనిలో 30 బీరువాలు రూ. 1,38,000, గోడౌన్‌లో 50 బీరువాలు రూ. 3,00,000. పక్కన స్టోర్ కీపరు సంతకం పెట్టిన లెక్కింపు కాగితం కూడా జతచేయండి. నెల మధ్యలో ఎవరైనా ఆ గడుల్లో అంకె మార్చితే ఆ కాగితంతో పోల్చగానే తెలిసిపోతుంది.